ఎడమ వింగ్ నీలంగా ఉంది, కానీ లోపం ఆ చోటిది కాదు: ఒక ఫార్వర్డ్ షాట్ చార్ట్ మీద కేస్ స్టడీ

ఈ కేసులోని బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి కుడిచేతి వాటం గల స్మాల్ ఫార్వర్డ్. సీజన్ ముగిశాక, కోర్టులో ఎక్కడెక్కడి నుంచి షాట్లు వేసిందో చూపే ఆమె షాట్ చార్ట్‌ను చూసిన హెడ్ కోచ్ దాదాపు రెండు నిర్ణయాలకు వచ్చేశారు. కోర్టు ఎడమ పక్క భాగమైన ఎడమ వింగ్ నుంచి ఆమె వేసే మూడు పాయింట్ల షాట్లను ఆపించాలన్నది మొదటిది, ఫ్రీ త్రో గీత ఎడమ మూల అయిన ఎడమ ఎల్బో దగ్గర ఆమెకు షాట్ దొరికేలా మరిన్ని ప్లేలు రాయాలన్నది రెండోది. చార్ట్‌లో ఎడమ వింగ్ బలహీనతను సూచించే ముదురు నీలంగా, ఎల్బో బలాన్ని సూచించే నిండు ఎరుపుగా కనిపించడమే ఆ రెండింటికీ కారణం. జట్టు విశ్లేషకుడిగా ఆ రంగుల వెనుక ఆధారం ఎంత ఉందో తేల్చడం నా పనైంది. క్రీడాకారిణిని ఎవరూ గుర్తుపట్టకుండా సంఖ్యలను కొంత మార్చి ఇక్కడ ఇస్తున్నాను. లెక్క నడిచిన తీరు, అది చూపిన దారి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

చార్ట్‌ను నమ్మే ముందు

షాట్ చార్ట్‌లోని ప్రతి చుక్కా ఎవరో ఒకరు కోర్టు పక్కన కూర్చుని టాబ్లెట్ మీద వేలితో నొక్కినదే. అందువల్ల ఏ జోన్ గురించైనా మాట్లాడే ముందు ఆ చుక్కలు సరైన చోట ఉన్నాయో లేదో చూసుకోవాలి. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది కుడి ఎడమలు తారుమారు కావడం. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నిబంధనల ప్రకారం రెండో అర్ధభాగంలో జట్లు బాస్కెట్లు మారతాయి. ఆ అర్ధభాగపు షాట్లను కూడా ఒకే సగం కోర్టు బొమ్మ మీదకు తేవాలంటే వాటిని 180 డిగ్రీలు తిప్పాలి. అలా తిప్పకుండా మధ్య గీత మీదుగా మడత పెట్టినట్టు తెస్తే బాస్కెట్‌కు దూరం సరిగ్గానే ఉంటుంది గానీ, ఎడమ వింగ్ షాట్ కుడి వింగ్‌లో పడుతుంది. దూరం చెడదు కాబట్టి ఈ లోపం బొమ్మను చూస్తే కంటికి ఆనదు.

దాన్ని పట్టుకునే మార్గం తేలికైనదే. ప్రతి మ్యాచ్‌లోనూ మొదటి అర్ధభాగపు షాట్లను, రెండో అర్ధభాగపు షాట్లను విడదీసి, కుడివైపు ఎన్ని, ఎడమవైపు ఎన్ని అని లెక్కపెట్టాలి. ఒకే ఆటగత్తె, ఒకే రకం ప్లేలతో, విరామానికి ముందు అంతా ఎడమవైపు, విరామం తరువాత అంతా కుడివైపు షాట్లు వేసినట్టు కనిపిస్తే అనుమానించాలి. మా ఫైళ్లలో మూడు మ్యాచ్‌లు అలా దొరికాయి. వీడియోతో పోల్చి చూస్తే మూడింటిలోనూ రెండో అర్ధభాగం అద్దంలో బొమ్మలా నమోదైందని తేలింది, సరిచేశాను. ఈ వ్యాసమంతటా కుడి, ఎడమ అంటే బాస్కెట్ వైపు ముఖం పెట్టి నిలబడిన షూటర్ కుడి, ఎడమలే. బాస్కెట్‌ను పైన గీసే చార్ట్‌లూ కింద గీసే చార్ట్‌లూ రెండూ ఉంటాయి కనుక, ఈ మాట ముందే అనుకోకపోతే కోచ్ ఒక వైపు గురించి, విశ్లేషకుడు మరో వైపు గురించి మాట్లాడుకునే ప్రమాదం ఉంది.

రెండో సరిచూపు గీతకు సంబంధించినది. ఫీబా కోర్టులో మూడు పాయింట్ల గీత బాస్కెట్ కేంద్రం కిందనుంచి 6.75 మీటర్ల దూరంలో ఉంటుంది. కార్నర్‌లో అది సైడ్‌లైన్‌కు 0.90 మీటర్ల దూరంలో నేరుగా సాగుతుంది కాబట్టి అక్కడ దూరం కాస్త తగ్గి 6.60 మీటర్లవుతుంది. పాదం గీతను తాకినా అది రెండు పాయింట్ల షాటే. చుక్క గీతకు బయట ఉండి స్కోర్‌షీట్‌లో రెండు పాయింట్లుగా నమోదైన షాట్లు ఐదు కనబడ్డాయి. ఇలాంటి చోట స్కోర్‌షీట్‌నే నమ్మి వాటిని మిడ్‌రేంజ్‌లోకి మార్చాను. క్వార్టర్ చివరి క్షణంలో సగం కోర్టు అవతలి నుంచి విసిరిన నాలుగు షాట్లను పూర్తిగా తీసేశాను, ఎందుకంటే అవి ఆమె ఎంచుకున్న షాట్లు కావు. చివరికి లెక్కలోకి వచ్చినవి 300 షాట్లు.

జోన్ల లెక్క

మామూలు ఫీల్డ్ గోల్ శాతం రెండు పాయింట్ల షాట్‌నూ మూడు పాయింట్ల షాట్‌నూ ఒకే తూకంలో చూస్తుంది. ఎఫెక్టివ్ ఫీల్డ్ గోల్ శాతం, అంటే ఈఎఫ్‌జీ, పడిన ప్రతి మూడు పాయింట్ల షాట్‌కూ అదనంగా సగం షాట్ విలువ కలుపుతుంది.

```
eFG% = (FGM + 0.5 * 3PM) / FGA
```

ఇందులో FGM పడిన షాట్లన్నీ, 3PM వాటిలో మూడు పాయింట్లవి, FGA వేసిన షాట్లన్నీ. వచ్చిన ఈఎఫ్‌జీని రెండుతో గుణిస్తే ఒక్కో షాట్‌కు సగటున ఎన్ని పాయింట్లు వచ్చాయో నేరుగా తెలుస్తుంది. 30 రెండు పాయింట్ల షాట్లలో 15 పడినా, 30 మూడు పాయింట్ల షాట్లలో 10 పడినా వచ్చేది 30 పాయింట్లే. మొదటిదాని శాతం 50, రెండోదాని శాతం 33.3 అయినప్పటికీ రెండింటి ఈఎఫ్‌జీ 50గానే వస్తుంది. ఈ కేసంతా ఈ ఒక్క సమానత్వం మీదే ఆధారపడి ఉంది. కింది పట్టికలో పెయింట్ అంటే బాస్కెట్ ముందు ఫ్రీ త్రో గీత దాకా ఉన్న దీర్ఘచతురస్రం, మిడ్‌రేంజ్ అంటే దానికీ మూడు పాయింట్ల గీతకూ మధ్య భాగం, ఆర్క్ అంటే కార్నర్లు పోను వంపు తిరిగిన గీత వెనుక భాగం.

| జోన్ | వేసినవి | పడినవి | ఈఎఫ్‌జీ శాతం |
|---|---|---|---|
| రిమ్ దగ్గర | 72 | 43 | 59.7 |
| పెయింట్‌లో మిగతా భాగం | 48 | 18 | 37.5 |
| మిడ్‌రేంజ్ | 80 | 34 | 42.5 |
| కార్నర్ మూడు పాయింట్లు | 24 | 10 | 62.5 |
| ఆర్క్ మూడు పాయింట్లు | 76 | 24 | 47.4 |

మొత్తం మీద 129 షాట్లు పడ్డాయి, వాటిలో 34 మూడు పాయింట్లవి. కాబట్టి ఆమె ఈఎఫ్‌జీ 48.7 శాతం. రిమ్ దగ్గర అన్నప్పుడు నేను తీసుకున్న హద్దు, లోపల నిలబడిన డిఫెండర్‌ను ఢీకొన్నా చార్జింగ్ ఫౌల్ వర్తించని 1.25 మీటర్ల అర్ధవలయం. ఈ హద్దు గీయడంలో శ్రద్ధ చూపాల్సిన కారణం పట్టికలోనే ఉంది. చాలా చార్ట్‌లు పెయింట్ మొత్తాన్ని ఒకే జోన్‌గా చూపిస్తాయి. అలా కలిపితే ఆమెకు 120 షాట్లలో 61 పడినట్టు, అంటే 50.8 శాతం వచ్చినట్టు కనబడుతుంది, ఎవరూ దాని జోలికి వెళ్లరు. విడదీసి చూస్తే రిమ్ దాకా వెళ్లిన షాట్‌కు దాదాపు 1.2 పాయింట్లు, మధ్యలో ఆగి వేసిన ఫ్లోటర్‌కు 0.75 పాయింట్లు మాత్రమే వస్తున్నాయి. మొత్తం చార్ట్‌లో అతి బలహీనమైన జోన్ ఈ రెండో భాగమే. కోచ్ అడిగిన రెండు ప్రశ్నల్లోనూ ఇది లేదు, ఎందుకంటే దాని మీద రంగే లేదు.

ఎరుపు రంగు చెప్పేది ఏమిటి

షడ్భుజాలతో గీసే చార్ట్‌లలో, కర్క్ గోల్డ్స్‌బెర్రీ 2012లో చూపిన పటాల తరువాత బాగా వాడుకలోకి వచ్చిన పద్ధతిలో, షడ్భుజం పరిమాణం షాట్ల సంఖ్యను, రంగు నైపుణ్యాన్ని చెబుతాయి. అయితే ఆ రంగు దేనితో పోల్చి వేశారన్నది చార్ట్‌ను బట్టి మారుతుంది. మా సాఫ్ట్‌వేర్ ప్రతి చోటా ఆమె శాతాన్ని అదే చోట లీగ్ సగటుతో పోల్చి రంగు వేస్తుంది. అంటే ఎల్బో దగ్గరి ఎరుపు “ఇక్కడ ఈమె ఇతరుల కంటే మెరుగు” అని చెబుతోంది, “ఇది మంచి షాట్” అని కాదు. మిడ్‌రేంజ్‌లో అందరి సగటూ తక్కువే కాబట్టి అక్కడ ఎరుపు రావడం సులువు. ఆ షాట్ జట్టుకు ఎన్ని పాయింట్లు తెస్తోందో రంగును బట్టి తెలియదు, ఈఎఫ్‌జీని చూడాల్సిందే.

ఎడమ ఎల్బో అంటే ఫ్రీ త్రో గీత, పెయింట్ అంచు కలిసే మూల. బాస్కెట్ కేంద్రం నుంచి దాదాపు 4.9 మీటర్ల దూరం. అక్కడ ఆమె 30 షాట్లు వేస్తే 15 పడ్డాయి. 50 శాతం చెడ్డది కాదు, ఆమె మొత్తం ఈఎఫ్‌జీ కంటే కొంచెం ఎక్కువే. అయితే ఆ సంఖ్య ఎంత గట్టిదో చూడాలి. శాతం p, షాట్ల సంఖ్య n అయినప్పుడు, కేవలం అదృష్టం వల్ల శాతం ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే ప్రామాణిక దోషం sqrt(p*(1-p)/n). ఇక్కడ అది 9 శాతానికి పైగా వస్తుంది. అంటే ఆమె అసలు సామర్థ్యం 41 అయినా, 59 అయినా ఈ 30 షాట్లు ఇలా పడటంలో ఆశ్చర్యం లేదు. మరో రెండు షాట్లు రిమ్‌కు తగిలి బయటికి వచ్చి ఉంటే అది 43 శాతం అయ్యేది, మిగిలిన మిడ్‌రేంజ్‌లో ఆమె సాధించిన 38 శాతానికి అంత దూరం కాదు. ఒకవేళ 50 శాతాన్నే పూర్తిగా నమ్మినా ఒక్కో షాట్‌కు ఒక పాయింటే వస్తుంది. కార్నర్‌కూ రిమ్‌కూ అది సాటి రాదు. డిఫెన్స్ ఆ చోటును వదిలిపెట్టినప్పుడు ఆమె ఆ షాట్ తీసుకోవడంలో తప్పేమీ లేదు. దాని కోసం ప్లేలు రాయడానికి మాత్రం ఈ ఆధారం చాలదని కోచ్‌కు చెప్పాను.

ఎడమ వింగ్

అసలు కేసు ఇక్కడుంది. ఆర్క్ మీది 76 షాట్లలో 34 ఎడమ వింగ్ నుంచి వేసినవి. వాటిలో పడినవి 9, శాతం 26.5, ఈఎఫ్‌జీ 39.7. మిగిలిన 42, అంటే కుడి వింగ్, ఎదురుగా ఉన్న భాగం కలిపి, 15 పడ్డాయి, ఈఎఫ్‌జీ 53.6. కోచ్ భయం అర్థమయ్యేదే. కానీ కుడిచేతి షూటర్‌కు ఎడమ వింగ్ అంత కష్టమైన చోటు ఎందుకు కావాలి? చోటు వల్లనే షాట్ చెడుతోందనడానికి చార్ట్‌లో కారణమేదీ దొరకలేదు. అందుకని 34 షాట్లనూ వీడియోలో ఒక్కొక్కటిగా చూసి రెండు విషయాలు రాసుకున్నాను: బంతి అందిన వెంటనే వేసిందా, లేక డ్రిబుల్ చేసి ఆగి వేసిందా, షాట్ క్లాక్‌లో ఎన్ని సెకన్లు మిగిలాయి.

తేడా వెంటనే బయటపడింది. ఎడమ వింగ్ షాట్లలో 21 డ్రిబుల్ తరువాతి పుల్-అప్‌లు, వాటిలో పడినవి 4. బంతి అందుకుని నేరుగా వేసిన క్యాచ్ అండ్ షూట్ షాట్లు 13, పడినవి 5. కుడి వింగ్, ఎదురు భాగాల్లో ఈ పాళ్లు తలకిందులుగా ఉన్నాయి: 42లో 36 క్యాచ్ అండ్ షూట్ షాట్లు, 6 మాత్రమే పుల్-అప్‌లు. ఎడమ వింగ్‌లో పుల్-అప్‌లు పేరుకోవడానికి కారణం మా ప్లేల్లోనే ఉంది. ఎడమవైపు ఆడే హ్యాండ్ ఆఫ్‌లో, అంటే సహచరి చేతి నుంచి నేరుగా బంతి అందుకునే ప్లేలో, ఆమె బంతి తీసుకుని మధ్యకు తిరుగుతుంది. డిఫెండర్ అడ్డుగా నిలిచిన సహచరి స్క్రీన్ కింద నుంచి, అంటే బాస్కెట్ వైపు నుంచి, వెళ్లినప్పుడల్లా ఒక డ్రిబుల్ వేసి అక్కడే ఆగి షాట్‌కు లేస్తుంది. కుడివైపు ఆమె ఎక్కువగా బంతి కోసం ఎదురుచూస్తూ నిలబడుతుంది.

ఇక్కడ మరో జాగ్రత్త అవసరమైంది. 13 షాట్లలో 5 పడితే ఈఎఫ్‌జీ 57.7 వస్తుంది, చూడ్డానికి బాగుంది. కానీ 13 షాట్ల మీద ప్రామాణిక దోషం శాతంలో 13కు పైగా, ఈఎఫ్‌జీలోకి మారిస్తే, మూడు పాయింట్ల షాట్ విలువ ఒకటిన్నర రెట్లు కనుక, దాదాపు 20. అంత ఊగిసలాడే సంఖ్య మీద ఏ మాటా నిలబడదు. జోన్‌ను రెండుగా చీల్చిన కొద్దీ ప్రతి ముక్కా పలచబడుతుంది. అందుకే చీలికను అటుగా కాకుండా ఇటుగా తిప్పాను: చోటును పక్కనపెట్టి, మూడు పాయింట్ల షాట్లన్నిటినీ రకాన్ని బట్టి కలిపాను. కార్నర్‌లోని 24 షాట్లూ క్యాచ్ అండ్ షూట్ రకానివే. అలా కలిపితే క్యాచ్ అండ్ షూట్ షాట్లు 73, పడినవి 29, ఈఎఫ్‌జీ 59.6. పుల్-అప్‌లు 27, పడినవి 5, ఈఎఫ్‌జీ 27.8.

ఈ రెండింటి మధ్య తేడా దాదాపు 32. ఆ తేడా ప్రామాణిక దోషం 14 చుట్టూ ఉంటుంది, కాబట్టి తేడా దానికి రెండు రెట్లకు పైనే. అసలు అంతరం 32 అని దీన్నిబట్టి చెప్పలేను, పుల్-అప్‌లు 27 మాత్రమే కదా. కానీ ఆమె నిలబడి అందుకుని వేసే షాట్ పుల్-అప్ కంటే మెరుగు అనడానికి ఇది తగినంత బలమైన ఆధారం, పైగా వీడియోలో కనిపించినదానికి కూడా ఇది సరిపోతోంది: పుల్-అప్‌లో ఆమె ఎడమ పాదం ఆలస్యంగా పడుతోంది, శరీరం పక్కకు జారుతూనే బంతి చేతిని వీడుతోంది.

షాట్ క్లాక్ లెక్క ఈ చిత్రాన్ని ఇంకొంచెం న్యాయంగా మార్చింది. ఎడమ వింగ్ పుల్-అప్‌లలో 8 షాట్ క్లాక్ చివరి 4 సెకన్లలో వేసినవి, వాటిలో ఒక్కటే పడింది. అప్పుడు ఎవరో ఒకరు వేయక తప్పదు. వేయకపోతే బంతే పోతుంది. ఆ షాట్ల భారాన్ని ఆమె నెత్తిన వేయడం సరికాదు. అవి తీసేశాక మిగిలిన 13లో 3 పడ్డాయి, ఈఎఫ్‌జీ 34.6. సమయం ఉండగా వేసినవి కూడా బలహీనంగానే ఉన్నాయి, మార్చాల్సినవి ఇవే.

ఈఎఫ్‌జీ చూడని భాగం

షాట్ వేస్తుండగా ఫౌల్ జరిగి, ఆ షాట్ పడకపోతే అది వేసిన షాట్ల లెక్కలోకే రాదు. ఫ్రీ త్రోలు ఈఎఫ్‌జీలో ఉండవు. అందువల్ల రిమ్ వైపు దూసుకెళ్లే ఆటగాళ్ల విలువను ఈఎఫ్‌జీ ఎప్పుడూ కొంత తగ్గించి చూపుతుంది. ఆమెకు రిమ్ దగ్గర ఇలాంటి ఫౌల్‌లు 22 దక్కాయి, 44 ఫ్రీ త్రోలలో 33 పడ్డాయి. 43 షాట్ల ద్వారా వచ్చిన 86 పాయింట్లకు ఈ 33 కలిపి, 72 షాట్లకు 22 ప్రయత్నాలు కలిపి భాగిస్తే ఒక్కో ప్రయత్నానికి 1.27 పాయింట్లు వస్తాయి. ఈఎఫ్‌జీని బట్టి అది 1.19 మాత్రమే. ఫ్లోటర్ల జోన్‌లో అలాంటి ఫౌల్‌లు 4, ఫ్రీ త్రోలు 8, పడినవి 6. వాటిని కలిపినా ప్రయత్నానికి 0.81 పాయింట్లు దాటలేదు. ఫౌల్‌లు కలిపితే రిమ్ విలువ 1.27కు పెరగడం చూశాక, ఆమె సమర్థంగా ఆడే చోట్ల జాబితాలో రిమ్‌ను కార్నర్ కంటే ముందు పెట్టాను. పట్టికలో కార్నర్‌దే పైచేయి అయినా, అది 24 షాట్ల మీద నిలిచిన సంఖ్య.

మార్చినవి, తరువాత చూసినవి

కోచ్‌తో కూర్చుని ఖాయం చేసుకున్నవి ఎక్కువేమీ కావు. ఎడమ వింగ్‌లో ఆమెను నిలపడం ఆపలేదు; హ్యాండ్ ఆఫ్‌లో డిఫెండర్ స్క్రీన్ కింద నుంచి వెళ్తే ఆగి లేవకుండా బంతిని మరొకరికి పంపి తిరిగి అందుకోవాలని, డిఫెండర్ వెంటపడితే ఆగకుండా రిమ్ దాకా వెళ్లాలని మార్చాం. పెయింట్ మధ్యలో ఆగడానికి బదులు మరో అడుగు వేయడం, లేదా కార్నర్‌కు పాస్ ఇవ్వడం సాధన చేయించారు. ఎల్బోను ఉన్నది ఉన్నట్టు వదిలేశాం.

తరువాతి సీజన్ మొదటి భాగంలో ఆమె 120 షాట్లు వేసింది: రిమ్ దగ్గర 38లో 23, పెయింట్‌లో మిగతా చోట 11లో 4, మిడ్‌రేంజ్‌లో 24లో 10, క్యాచ్ అండ్ షూట్ మూడు పాయింట్లు 41లో 15, పుల్-అప్ మూడు పాయింట్లు 6లో 1. ఈఎఫ్‌జీ 50.8. పాత 48.7తో పోలిస్తే పెరిగింది రెండు శాతమే, 120 షాట్ల మీద ఆ పెరుగుదలను విజయంగా చెప్పుకోకూడదు.

అందుకే షాట్ల ఎంపికనూ, షాట్లు పడటాన్నీ వేరు చేశాను. కొత్త 120 షాట్ల పంపకం మీద పాత సీజన్ ఈఎఫ్‌జీలనే, జోన్‌కు జోన్, రకానికి రకం వేసి చూస్తే 52.6 రావాలి. అంటే ఆమె సామర్థ్యం రవ్వంత కూడా మారకపోయినా, షాట్ల ఎంపిక ఒక్కదానివల్లనే 4 శాతానికి దగ్గరగా లాభం ఉంది. ఎంపిక మారిందన్నది అనుమానం లేని విషయం: ఫ్లోటర్లు మొత్తం షాట్లలో 16 శాతం నుంచి 9 శాతానికి, పుల్-అప్ మూడు పాయింట్లు 9 నుంచి 5కు తగ్గాయి. 52.6 రావాల్సిన చోట 50.8 రావడానికి కారణం దాదాపు అంతా క్యాచ్ అండ్ షూట్ షాట్లలోనే ఉంది. అక్కడ ఈఎఫ్‌జీ 59.6 నుంచి 54.9కి దిగింది. మూడు పాయింట్ల షాట్ మరొక్కటి పడి ఉంటే ఆ లోటులో చాలా భాగం పూడేది. 59.6 కొంత అదృష్టం కలిసిన సంఖ్యే అయి ఉండొచ్చు కాబట్టి, ఆ దిగుదలను చూసి షూటింగ్ సాధనలో ఏమీ మార్చవద్దని సూచించాను.

ఎల్బో విషయంలో మాత్రం ఇంకా తేలలేదు. కొత్తగా అక్కడ 9 షాట్లు వేస్తే 4 పడ్డాయి. రెండు సీజన్లూ కలిపి 39లో 19. కోచ్‌కు ఇప్పటికీ ఆ చోటంటే ఇష్టమే. షాట్ల సంఖ్య 100 దగ్గరికి వస్తే దోషం 5 శాతానికి తగ్గుతుంది, అప్పటికి ఆ మాట మళ్లీ మాట్లాడుకుందామని ఇద్దరం అనుకున్నాం.